1915, 181, 1098: నంబర్ అసలుదో కాదో తేల్చుకునే పద్ధతి

అడిగిన ప్రశ్న: "ఫ్రిజ్ కొని నాలుగు నెలలైంది, షాపువాళ్ళు పట్టించుకోవట్లేదు. కన్జ్యూమర్ ఫిర్యాదు నంబర్ కోసం నెట్‌లో వెతికితే ఆరేడు నంబర్లు వచ్చాయి. ఒకదానికి చేస్తే రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు కట్టమన్నారు, భయమేసి కాల్ కట్ చేశాను. ఏది అసలుదో ఎలా తెలుస్తుంది? మా వీధిలో ఒకావిడకు మహిళా హెల్ప్‌లైన్ నంబర్ కూడా ఇవ్వాలి. అదీ తప్పు నంబర్ ఇస్తానేమోనని టెన్షన్‌గా ఉంది."

కాల్ కట్ చేసి మంచి పని చేశారండీ. మీరు చేయాల్సిన నంబర్ 1915. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ నడిపే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. దానిదే పాత టోల్ ఫ్రీ నంబర్ 1800-11-4000 కూడా పనిచేస్తుంది. జాతీయ సెలవు రోజులు తప్ప రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తీస్తారు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ వీధిలో ఆవిడకు 181. పిల్లల విషయమైతే 1098. ఎవరైనా ఆ క్షణంలోనే కొడుతున్నారు, ప్రాణం మీదికొచ్చింది అంటే ఇవేవీ వెతకకుండా 112.

అయితే నేను చెప్పానని మీరు నమ్మేయకూడదు. నేనూ మీకు ముక్కూ మొహం తెలియని మనిషినే కదా. వినియోగదారుల సంఘంలో పదకొండేళ్ళుగా వాలంటీర్‌గా కూర్చుంటున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదట వస్తువు విషయంలో నష్టపోయి, ఆ తర్వాత ఫిర్యాదు చేయబోయి రెండోసారి నష్టపోయినవాళ్ళు. అందుకే నంబర్ కంటే దాన్ని సరిచూసుకునే పద్ధతి చెప్పడం ముఖ్యమనిపిస్తుంది.

ముందుగా, మీరు చేసిన ఆ పది రూపాయల ఫోన్ ఎటు వెళ్ళేదో చెప్తాను. రెండేళ్ళ కింద మా సెంటర్‌కి ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చారు. వాటర్ ప్యూరిఫయర్ పాడైంది, కంపెనీ మనిషి రావట్లేదు. ఆయన "కన్జ్యూమర్ కంప్లైంట్ నంబర్" అని వెతికారు. పైన వచ్చిన మొదటి ఫలితం డబ్బు కట్టి పెట్టిన ప్రకటన, ఆ సంగతి ఆయనకు తెలియదు. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు. "సార్, మీ ఫిర్యాదు రాసుకున్నాం, డబ్బు వాపసు కూడా ఇప్పిస్తాం, పది రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపారు. దాని పేరు చివర .apk అని ఉంది. అంటే అది ఫారం కాదు, యాప్. నొక్కితే ఫోన్‌లో దిగిపోతుంది. ఆయన దిగనిచ్చారు, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే సరేనన్నారు, అందులో కార్డు వివరాలు నింపి పది రూపాయలు కట్టారు. నిజానికి కట్ అయింది పది కాదు, సున్నా. పావుగంట తర్వాత 24,000, ఆ వెంటనే 19,500 పోయాయి. బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీలు ఆయన చూసేలోపే ఆ యాప్ అవతలివాళ్ళకు పంపేసింది.

ఇక్కడ పది రూపాయలు ఎర మాత్రమే. అంత చిన్న మొత్తానికి ఎవరూ అనుమానపడరు, కానీ అది కట్టడానికి కార్డు వివరాలో, యూపీఐ పిన్నో తీసి టైప్ చేయాల్సిందే. వాళ్ళకు కావలసింది మీరు ఆ టైప్ చేసే క్షణం. కొందరు యాప్‌కి బదులు AnyDesk లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, మీరు కొడుతున్నది అక్కడి నుంచి చూస్తారు. 1915లో ఫిర్యాదు నమోదుకి ఒక్క రూపాయి కూడా ఉండదు. కాబట్టి ఫీజు అన్న మాట వినగానే ఆ నంబర్ సంగతి తేలిపోయినట్టే.

ఇప్పుడు నంబర్ల సంగతి. చాలామంది నంబర్ వాలకాన్ని బట్టి నిర్ణయించేస్తారు. 1800తో మొదలైతే గవర్నమెంటుది, పది అంకెల మొబైల్ నంబరైతే దొంగది అనుకుంటారు. రెండూ తప్పే. 1800 టోల్ ఫ్రీ నంబర్‌ని ఏ వ్యాపారమైనా టెలికాం కంపెనీ దగ్గర తీసుకోవచ్చు. ఫోన్ చేసేవాళ్ళకి ఖర్చు పడదు అన్నదొక్కటే దాని అర్థం. ఇటుపక్క చూడండి. జాతీయ మహిళా కమిషన్ 2021లో మొదలుపెట్టిన 24 గంటల హెల్ప్‌లైన్ 7827170170. చూడటానికి అచ్చం ఎవరిదో సెల్ నంబర్‌లా ఉంటుంది, కానీ అసలుదే. 1915 వాళ్ళ వాట్సాప్, ఎస్‌ఎంఎస్ నంబర్ 8800001915 కూడా అంతే. వాలకం చూసి నిర్ణయిస్తే దొంగ 1800ని నమ్ముతారు, అసలు మహిళా కమిషన్ నంబర్‌ని వదిలేస్తారు.

1915, 181, 1098, 112 లాంటి చిన్న నంబర్లకు మాత్రం ఒక బలముంది. ఒకటితో మొదలయ్యే ఈ చిన్న కోడ్‌లు కేంద్ర టెలికాం విభాగం కేటాయిస్తేనే వస్తాయి, బజారులో సిమ్ కొన్నట్టు కొనుక్కునేవి కావు. కాబట్టి మీరే మీ ఫోన్‌లో 1915 కొడితే అది వెళ్ళాల్సిన చోటికే వెళ్తుంది. మీరే కొట్టాలి అన్నది గుర్తు పెట్టుకోండి. మీకు వచ్చే కాల్‌కి ఈ భరోసా లేదు. ఫోన్ తెర మీద కనపడే నంబర్‌ని మార్చి చూపించే మోసం ఉంది. కాలర్ పేరు చూపించే యాప్‌లలో "కన్జ్యూమర్ కోర్ట్" అని వచ్చినా అది జనం పెట్టిన పేరే, ఎవరైనా పెట్టవచ్చు. ఎవరైనా ఫోన్ చేసి "1915 నుంచి మాట్లాడుతున్నాం" అంటే, "సరే, నేనే చేస్తాను" అని పెట్టేసి మీరే 1915 కొట్టండి. నిజంగా వాళ్ళే అయితే మీ ఫిర్యాదు రికార్డు అక్కడే ఉంటుంది, మీకు పోయేదేమీ లేదు.

మిగతా నంబర్లకి, అంటే టోల్ ఫ్రీవి, పది అంకెలవి అన్నింటికీ ఒకటే దారి. ఆ నంబర్ ఏ ప్రభుత్వ వెబ్‌సైట్ పేజీలో రాసి ఉందో అక్కడ చూడాలి. అందుకు వెబ్ అడ్రస్ చదవడం రావాలి. ఇది రెండు నిమిషాల పని, కానీ ఒక్కసారి ఓపిగ్గా చేయాలి. ఫోన్ బ్రౌజర్‌లో పైనున్న అడ్రస్‌ని నొక్కితే పూర్తిగా కనపడుతుంది. https:// తర్వాత నుంచి మొదటి ఏటవాలు గీత దాకా ఉన్న భాగాన్నే తీసుకోండి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. చివర gov.in గానీ nic.in గానీ ఉండాలి, దాని ముందు చుక్క ఉండాలి. ఈ రెండు చివరలూ ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు. ఇప్పుడు ఈ మూడూ చూడండి:

```
consumerhelpline.gov.in
consumerhelpline-gov.in
consumerhelpline.gov.in.example.com
```

మొదటిది అసలుది. రెండోదాంట్లో gov ముందు చుక్క లేదు, గీత ఉంది. అంటే అది మామూలు .in అడ్రస్, కొన్ని వందలు పెడితే ఎవరికైనా దొరుకుతుంది. మూడోదాంట్లో gov.in ఉంది, నిజమే, కానీ మధ్యలో ఉంది. చివర ఉన్నది example.com, కాబట్టి ఆ పేజీ ఆ యజమానిది. మోసగాళ్ళు ఈ మూడో పద్ధతిలో కూడా దొరకబుచ్చుకుంటారు, ఎందుకంటే చిన్న ఫోన్ తెర మీద అడ్రస్ మొదటి సగమే కనపడవచ్చు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా అని నమ్మకండి. మీకూ ఆ పేజీకీ మధ్య మాట బయటికి పోదని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. అలాగే .org.in అన్నది ప్రభుత్వానికి ప్రత్యేకం కాదు, ఎవరైనా తీసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. ఆ అడ్రస్‌ని వెతుకులాట ఫలితాల నుంచి నొక్కి వెళ్ళకుండా మీరే టైప్ చేయండి. పేరు సరిగ్గా గుర్తు లేకపోతే igod.gov.in కి వెళ్ళండి. అది ప్రభుత్వ వెబ్‌సైట్లన్నింటి డైరెక్టరీ, శాఖ పేరుతో వెతికితే అసలు సైట్ లింక్ ఇస్తుంది. తర్వాత అదే నంబర్ మరో ప్రభుత్వ పేజీలో కూడా కనపడుతుందా చూడండి. 1915 గురించి శాఖ సొంత సైట్‌లో ఒకసారి, కేంద్ర ప్రభుత్వ పత్రికా ప్రకటనలు ఉండే pib.gov.in లో ఒకసారి చూశారంటే ఇక అనుమానం ఉండదు. రెండు చోట్ల చూడమని ఎందుకంటున్నానంటే, ప్రభుత్వ సైట్లలో కూడా పాత పేజీలు అలాగే ఉండిపోతుంటాయి. ఆ నంబర్ మోసం కాకపోయినా ఎవరూ ఎత్తరు, అప్పుడు మనం విసిగిపోయి మళ్ళీ వెతుకులాటకి వెళ్తాం, అక్కడ ఎవరో దొరకబట్టుకుంటారు.

మ్యాప్‌లో కనపడే నంబర్ని, సోషల్ మీడియాలో మీ ఫిర్యాదు కింద ఎవరో కామెంట్‌లో పెట్టిన నంబర్ని అసలు లెక్కలోకి తీసుకోకండి. మ్యాప్ లిస్టింగ్‌లో నంబర్ మార్చమని బయటివాళ్ళు సూచించవచ్చు. "మీకు సాయం చేస్తాం, ఈ నంబర్‌కి చేయండి" అని కామెంట్ పెట్టేవాళ్ళు మీరు ఏ కంపెనీ పేరు రాశారో చూసి, అదే లోగో పెట్టుకుని వస్తారు. డబ్బు తీసుకుని మీ తరఫున కంపెనీకి నోటీసు పంపే ప్రైవేటు సైట్లు కూడా ఉన్నాయి. కొన్ని నిజంగానే ఆ పని చేస్తాయి, కానీ అవి ప్రభుత్వ హెల్ప్‌లైన్ కావు. 1915లో ఉచితంగా జరిగే పనికి ముందే అక్కడ డబ్బు పెట్టాల్సిన అవసరం మీకు లేదు.

ఇక మీ ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. బిల్లు, వారంటీ కార్డు, షాపువాళ్ళకి మీరు చేసిన ఫిర్యాదుల తేదీలు చేతిలో పెట్టుకుని 1915 కొట్టండి. ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది. కొంచెంసేపు ఆగాల్సి రావచ్చు. రెండో రింగుకే ఎత్తి "సార్, మేడమ్" అంటూ తొందరపెట్టేవాళ్ళకీ ఇక్కడికీ అక్కడే తేడా తెలిసిపోతుంది. తర్వాత మీ పేరు, ఊరు, ఏ కంపెనీ, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, మీకేం కావాలి అని అడుగుతారు. "న్యాయం కావాలి" అని చెప్పకండి. "వారంటీలోనే రిపేర్ చేయించాలి, లేదా మార్చి ఇవ్వాలి" అని కచ్చితంగా చెప్పండి. కార్డు నంబర్, పిన్, బ్యాంకు ఓటీపీ ఏవీ అడగరు. చివర్లో ఫిర్యాదు నంబర్ ఇస్తారు.

మీరు మాట్లాడింది నిజమైన హెల్ప్‌లైన్‌తోనే అని ఆఖరుగా రూఢి చేసేది ఆ నంబరే. consumerhelpline.gov.in మీరే టైప్ చేసి తెరిచి, అక్కడ ఆ నంబర్‌తో స్థితి చూడండి. మీ ఫిర్యాదు అందులో కనపడాలి. దొంగ హెల్ప్‌లైన్ కూడా అందంగా ఒక ఫిర్యాదు నంబర్ ఇస్తుంది, కానీ అది ఈ సైట్‌లో దొరకదు. ఆ రిటైర్డ్ ఉద్యోగికి కూడా పన్నెండు అంకెల నంబర్ ఒకటి ఇచ్చారు. ఆయన దాన్ని డైరీలో జాగ్రత్తగా రాసుకుని మా దగ్గరికి తెచ్చారు. సైట్‌లో కొట్టి చూపించాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ పని ఫోన్ పెట్టేసిన వెంటనే చేసి ఉంటే, పావుగంట దొరికేది.

1915 ఏం చేయగలదో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే "ఇది కూడా దొంగదేనేమో" అనిపిస్తుంది. అది కోర్టు కాదు. మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి, జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తుంది. దీనితో ఒప్పందం ఉన్న కంపెనీలు వెయ్యికి పైగా ఉన్నాయి, అవి సాధారణంగా త్వరగా స్పందిస్తాయి. మీ ఊరి చిన్న షాపు స్పందించకపోవచ్చు. అందుకే ఫ్రిజ్ తయారు చేసిన కంపెనీ పేరు మీద కూడా ఫిర్యాదు రాయించండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే e-jagriti.gov.in. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. వస్తువుకి మీరు పెట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే కమిషన్ ఫీజు కూడా లేదు. అంతకు మించితే ఫీజు ఉంటుంది, కానీ అది కమిషన్ పద్ధతిలో కట్టేది. ఫోన్‌లో ఎవరో చెప్పిన యూపీఐ ఐడీకి పంపేది కాదు.

మీరు ఫోన్ చేసిన ఆ దొంగ నంబర్‌ని వదిలేయకండి. డబ్బు పోలేదు కాబట్టి sancharsaathi.gov.in లో చక్షు అనే విభాగంలో రిపోర్టు చేయండి. అలాంటి అనుమానపు కాల్స్, మెసేజ్‌ల కోసమే అది. డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930, ఆ తర్వాత cybercrime.gov.in. ఇక్కడ నిమిషాలు లెక్క. ఆ పెద్దాయన గంటలోపే 1930కి చేశారు కాబట్టి 19,500 అవతలి ఖాతాలోనే ఆగింది. మొదటి 24,000 అప్పటికే వేరే చోటికి దాటిపోయింది.

మహిళల, పిల్లల నంబర్ల విషయంలో మోసం కంటే ఎక్కువగా నేను చూసేది తప్పు సమాచారం. 2019 డిసెంబర్‌లో, హైదరాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత, లూథియానా పోలీసులు రాత్రిపూట ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళని ఉచితంగా ఇంటికి చేర్చే ఏర్పాటు చేసి నంబర్లు ఇచ్చారు. అది వాళ్ళ నగరానికి మాత్రమే. కానీ వాట్సాప్‌లో ఆ సందేశం నుంచి ఊరి పేరు ఊడిపోయి, దేశమంతటికీ అన్నట్టు తిరిగింది. మంచి మనసుతోనే అందరూ పంపుకున్నారు. ఆపదలో ఉన్న అమ్మాయి మన ఊళ్ళో అందులోని మొబైల్ నంబర్‌కి చేస్తే పంజాబ్‌లో ఎవరో ఎత్తుతారు. అందుకే ఇలాంటి సందేశంలో తేదీ, ఊరు, ఇచ్చిన సంస్థ ఈ మూడూ లేకపోతే ముందుకు పంపకండి.

1098 విషయంలో ఇంకో తికమక ఉంది. పాత పోస్టర్ల మీద చైల్డ్‌లైన్ అనే స్వచ్ఛంద సంస్థ పేరు ఉంటుంది. ఇది 1996లో ముంబైలో మొదలైంది. 2023 నుంచి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ, రాష్ట్రాలు మిషన్ వాత్సల్య కింద నడుపుతున్నాయి. పేరు మారింది, నంబర్ అదే. పోస్టర్ పాతదని చెప్పి 1098 పనిచేయదనుకోవద్దు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలెవరి గురించైనా, పిల్లలే గానీ, పక్కింటివాళ్ళే గానీ చేయవచ్చు.

181 రాష్ట్రాలు నడిపే హెల్ప్‌లైన్. మీ జిల్లాలో దానికి అనుబంధంగా సఖి కేంద్రం ఉంటుంది. వైద్యం, పోలీసు సాయం, లాయర్, కొద్ది రోజుల బస లాంటివన్నీ ఒకే చోట దొరికేలా పెట్టిన కేంద్రం అది. దాని నంబర్, అడ్రస్ సరిచూడాలంటే మీ జిల్లా అధికారిక వెబ్‌సైట్ చూడండి. అవి guntur.ap.gov.in, hyderabad.telangana.gov.in ఇలా జిల్లా పేరుతోనే మొదలవుతాయి. ఆవిడ తరఫున మీరే ముందుగా 181కి ఫోన్ చేసి, "మా వీధిలో ఒకామెకు సాయం కావాలి, దగ్గర్లో సఖి కేంద్రం ఎక్కడుంది, ఏ టైమ్‌లో రావాలి" అని అడగవచ్చు. ఆ తర్వాత మీరు చెప్పిన మాట మీద ఆవిడకు నమ్మకం ఉంటుంది. ఉచితంగా లాయర్ మాత్రమే కావాలంటే 15100, అది జాతీయ న్యాయ సేవల సంస్థది.

ఒక్క మాట మాత్రం మరచిపోకండి. ఆవిడకు నంబర్ వాట్సాప్‌లో పంపకండి. "ఉమెన్ హెల్ప్‌లైన్" అని సేవ్ చేసుకోమని కూడా చెప్పకండి. ఇంట్లో కొట్టే మనిషి చాలాసార్లు ఫోన్ కూడా చూస్తాడు. 181 మూడే అంకెలు. ఎదురుపడ్డప్పుడు నోటితో చెప్పండి, ఆవిడ చేత ఒకసారి తిరిగి చెప్పించండి. ఫోన్ చేశాక కాల్ లిస్ట్‌లోంచి తీసేయడం కూడా అప్పుడే చూపించండి. ఆవిడ ఫోన్ నుంచి చేయడం కుదరకపోతే మీ ఇంటికి వచ్చి మీ ఫోన్ నుంచి చేయమనండి.